తెర మీద వేలి జాడ



మా పిన్ని తెనాలి దగ్గర ఒక పల్లెటూరిలో ఒంటరిగా ఉంటుంది. ఆమెకు మూత్రపిండాల జబ్బు. నెలకొకసారి రక్తం ఇచ్చి వస్తే, సాయంత్రానికి ల్యాబ్ వాళ్లు రిపోర్టును పి.డి.ఎఫ్. రూపంలో ఆమె వాట్సాప్‌కు పంపుతారు. దానిని ఆమె హైదరాబాదులో ఉన్న కొడుక్కి పంపించాలి. అతడు డాక్టరుగారికి చూపిస్తే, క్రియాటినిన్, పొటాషియం ఎంతెంత ఉన్నవో చూసి ఏ మందు తగ్గించాలో, ఏది ఆపాలో ఆయన చెబుతారు. ఇంతకాలం ఈ పంపే పని పక్కింటి కుర్రవాడు చేసిపెట్టేవాడు. వాడు ఇంటర్మీడియట్ చదవడానికి హాస్టలుకు వెళ్లిపోయాడు. ఆ నెల రిపోర్టు ఆరు రోజులు పిన్ని ఫోనులోనే ఉండిపోయింది. పొటాషియం పెరిగిందన్న సంగతి ఆరు రోజులు ఆలస్యంగా తెలిసింది.

నేను ఫోనులో చెప్పి చూశాను. "రిపోర్టు మీద వేలు పెట్టి నొక్కి పట్టుకో పిన్నీ, పైన బాణం గుర్తు వస్తుంది, దాన్ని నొక్కు" అన్నాను. "ఏ బాణం నాయనా? రెండున్నాయి" అన్నది. నిజమే. నాకు ఎన్నడూ తట్టలేదు గాని, అక్కడ ఎడమకు తిరిగిన బాణం ఒకటి, కుడికి తిరిగిన బాణం ఒకటి ఉంటాయి. ఎడమది వచ్చినవారికే జవాబు వ్రాయడానికి, కుడిది వేరొకరికి పంపడానికి. చెవిలో ఫోను పెట్టుకొని తెరను చూడడం ఎలాగూ కుదరదు. స్పీకరు పెట్టుకోమంటే ఆ మీట ఎక్కడున్నదో చెప్పడానికి మరో అరగంట పట్టింది. కాబట్టి చెప్పడం మాని చూపించాలనుకున్నాను.

ఫోను తెర మీద జరిగేదంతా వీడియోగా తీసుకొనే సదుపాయం ఫోనులోనే ఉన్నది. దానినే స్క్రీన్ రికార్డింగ్ అంటారు. చాలామంది దీనికోసం వెంటనే ఏదో ఒక యాప్ వెదుకుతారు. 2020లో వచ్చిన ఆండ్రాయిడ్ 11 నుండి ఇది ఫోనుతోనే వస్తున్నది. ఐఫోనులో 2017 నుండే ఉన్నది. ఆండ్రాయిడ్‌లో తెర పైభాగం నుండి వేలిని రెండుసార్లు క్రిందికి లాగితే వైఫై, టార్చి వంటి గుర్తులు వస్తాయి గదా, వాటిలో Screen record అని ఉంటుంది. కనిపించకపోతే అక్కడి పెన్సిలు గుర్తును నొక్కి దానిని వరుసలోకి తెచ్చుకోవచ్చు. పాత ఫోనులో అసలు లేకపోతే అప్పుడు ఎ.జెడ్. స్క్రీన్ రికార్డర్, ఎక్స్ రికార్డర్ వంటివి ప్లే స్టోరులో దొరుకుతాయి. వాటిలో ప్రకటనలు వస్తాయి, కొన్ని మిగతా యాప్‌ల మీద తేలుతూ ఉండడానికి అనుమతి అడుగుతాయి. ఫోనుతో వచ్చినది పనిచేస్తున్నప్పుడు బయటిదానికి తలుపు తీయడమెందుకు?

మొదటి వీడియోను నా ఫోనులో, మా ఇంట్లో కూర్చొని తీశాను. నాలుగు నిమిషాలు వచ్చింది. ఎంతో వివరంగా చెప్పాననుకొని, పంపే ముందు ఒకసారి చూద్దామని పెట్టాను. బొమ్మ ఉన్నది, నా గొంతు లేదు. రికార్డింగు మొదలుపెట్టేటప్పుడు ఏ శబ్దం పట్టుకోవాలో అది అడుగుతుంది. ఫోను లోపలి శబ్దమా, మైకులో మన మాటలా, రెండూనా అని. నేను చూడకుండా ఫోను లోపలి శబ్దం మీదే వదిలేశాను. Microphone ఎంచుకోవాలి. ఐఫోనులోనైతే రికార్డు గుర్తును కాసేపు నొక్కి పట్టుకుంటే క్రింద మైకు గుర్తు కనిపిస్తుంది, దానిని నొక్కాలి. ఇప్పుడు నేను ముందుగా పది సెకన్లు తీసి, విని, ఆ తరువాతే అసలుది మొదలుపెడుతున్నాను.

గొంతు లేకపోవడం కంటే పెద్ద పొరపాటు ఆ వీడియోలో ఇంకొకటి ఉన్నది. రెండో నిమిషంలో బ్యాంకు నుండి ఒక సందేశం తెర పైనుండి జారింది. ఖాతాలో మిగిలిన సొమ్ము ఎంతో అందులో స్పష్టంగా ఉన్నది. అది ఓ.టి.పి. అయి ఉంటే? తెర మీదకు వచ్చినదేదైనా, మనం పిలిచినా పిలవకపోయినా, వీడియోలో పడుతుంది. ఫోనులోని ఎడిట్‌లో వీడియో మొదలును, చివరను సులువుగా కత్తిరించవచ్చు గాని, మధ్యలో పడినదానిని తీయడం అంత తేలిక కాదు. మళ్లీ తీయడమే మేలు. గనుక తీసే ముందు ఏరోప్లేన్ మోడ్ పెట్టి, వైఫై కూడా ఆగిందో లేదో చూసుకోవాలి. కాల్ రాదు, సందేశం రాదు. ఆండ్రాయిడ్ 15 ఉన్న కొన్ని ఫోనులలో తెర మొత్తం కాక ఒక్క యాప్‌ను మాత్రమే రికార్డు చేసే వీలున్నది. అప్పుడు పైనుండి జారే సందేశాలు వీడియోలో పడవు. అయితే దానితో నాకు పని జరగలేదు, ఎందుకో కొంచెం ఆగి చెబుతాను.

డబ్బు పంపడం ఎలాగో వీడియో తీసి పెట్టమని అడిగేవారు కూడా ఉన్నారు. బ్యాంకు యాప్‌లలో చాలావాటిని రికార్డు చేస్తే తెర నల్లగా వస్తుంది. ఫోను చెడిపోలేదు, ఆ యాప్ తనను తాను దాచుకొంటుంది. నల్లగా రాని చోట మరీ జాగ్రత్తగా ఉండాలి. పిన్ నంబరు కొట్టేటప్పుడు పైన చుక్కలే కనిపిస్తాయి గదా అనుకుంటాము. వేలి జాడ చూపించే సదుపాయం పెట్టి ఉంటే, ఏ అంకె మీద వేలు పడిందో వీడియో చూసేవారు ఒక్కొక్కటిగా చదువుకోవచ్చు. అటువంటి పనులకు నేను వీడియో తీయను.

ఆ వేలి జాడ గురించి చెప్పాలి. మామూలుగా స్క్రీన్ రికార్డింగ్‌లో మన వేలు కనిపించదు. తెరలు వాటంతట అవే మారిపోతున్నట్లు ఉంటుంది. చూసేవారికి ఎక్కడ నొక్కారో తెలియదు. రికార్డింగు మొదలయ్యే చోటనే Show touches అనే మీట ఉంటుంది. కొన్ని కంపెనీల ఫోనులలో అది రికార్డరు సెట్టింగులలో వేరొక పేరుతో ఉంటుంది. అది పెడితే వేలు పడిన చోట ఒక చిన్న గుండ్రని మచ్చ కనిపిస్తుంది. ఐఫోను రికార్డింగులో ఈ మచ్చ రాదు, కాబట్టి "కుడివైపు క్రింద మూల" అని నోటితోనే చెప్పుకోవాలి. మచ్చ ఉన్నా ఒక చిక్కు మిగులుతుంది. తట్టి వదలడం, నొక్కి పట్టుకోవడం రెండూ వీడియోలో ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి. పిన్ని రిపోర్టును తట్టితే అది తెరుచుకుంటుంది, నొక్కి పట్టుకుంటేనే బాణాలు వస్తాయి. అందువల్ల వేలు ఆనించి "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టాను. ఆ లెక్క ఆమెకు బాగా పట్టుబడింది.

రెండో వీడియోను ఇవన్నీ సరిచేసుకొని తీశాను. ఒక నిమిషం పది సెకన్లు. గొంతు ఉన్నది, మచ్చ ఉన్నది, బ్యాంకు లేదు. సంతోషంగా పిన్నికి పంపాను. గంట తరువాత తమ్ముడు హైదరాబాదు నుండి ఫోను చేశాడు. "అన్నయ్యా, అమ్మ నీ వీడియోను నాకు పంపింది, ఎందుకు?" అన్నాడు.

ఏమి జరిగిందో తెలుసుకోవడానికి మరుసటి సోమవారం నేనే బస్సెక్కి వెళ్లాను. పిన్ని ప్రక్కన కూర్చొని, "నువ్వు ఎలా చేశావో అలాగే చెయ్యి, నేను మాట్లాడను" అన్నాను. ఆమె వీడియో పెట్టింది. నా మచ్చ కుడి బాణం మీద పడగానే ఆమె కూడా ఆ బాణం మీద వేలితో కొట్టింది. అది వీడియోలోని బొమ్మ బాణం గదా, వీడియో ఆగిపోయింది. మళ్లీ కొట్టింది, మళ్లీ నడిచింది. "చూశావా, నీది పలుకుతుంది, నాది పలకదు" అన్నది. నాకు నవ్వు రాలేదు. తెర లోపల మరో తెర ఉన్నదని నేనెక్కడ చెప్పాను? పైగా నా ఫోనులోని వాట్సాప్ ఆమె ఫోనులోని వాట్సాప్ లాగానే ఉంటుంది. నిజమైనదేదో బొమ్మ ఏదో తెలియడానికి గుర్తేమీ లేదు.

ఇంకొకటి కూడా గమనించాను. నా వీడియో ల్యాబ్ వారి సందేశాల పేజీలో మొదలైంది. అక్కడికి ఎలా వెళ్లాలో నేను చూపలేదు, అది అందరికీ తెలుసుననుకున్నాను. పిన్ని మాత్రం వీడియో చూసిన చోటనే, అంటే నా సందేశాల పేజీలోనే ఉండి, నేను చెప్పినట్లే ఒకటి రెండు మూడు లెక్కపెట్టి నొక్కి పట్టుకున్నది. అక్కడ ఉన్నది నా వీడియో. అదే కొడుక్కి వెళ్లింది. నేను చెప్పిన పనిని ఆమె తప్పు లేకుండా చేసింది. నేనే సగంలో నుండి మొదలుపెట్టాను.

మూడోదానిని ఆమె ఫోనులోనే తీశాను. ఆమె ఫోనులో అక్షరాలు పెద్దవి, పేర్లు తెలుగులో ఉన్నాయి, హోమ్ తెర మీద మనవరాలి ఫొటో ఉన్నది. నా ఫోనులో అక్షరాలు చిన్నవి, పేర్లు ఇంగ్లీషులో ఉన్నాయి. ఆమె ఫోనులో తీస్తే ఏ గుర్తు ఎక్కడున్నదో ఆమె చూసే తెరకు సరిగ్గా సరిపోతుంది. మీరు వెళ్లలేని పక్షంలో కనీసం ఆండ్రాయిడ్ ఉన్నవారికి ఆండ్రాయిడ్‌లోనే తీసి పంపండి. ఐఫోనులో ఇదే పనికి నొక్కి పట్టుకున్నప్పుడు పైన బాణాలకు బదులు ఒక జాబితా వస్తుంది, దానితో పిన్ని వంటివారు పూర్తిగా దారి తప్పుతారు.

వీడియోను మనవరాలి ఫొటో ఉన్న హోమ్ తెర నుండి మొదలుపెట్టాను. ఒక్క యాప్‌ను మాత్రమే తీసే పద్ధతి పనికిరాలేదన్నది ఇందుకే, దానిలో హోమ్ తెర పడదు. ఏరోప్లేన్ మోడ్ పెట్టి, పోయిన నెల రిపోర్టును నమూనాగా తీసుకున్నాను. తమ్ముడికి ముందే చెప్పి ఉంచాను, ఏరోప్లేన్ మోడ్ తీయగానే ఆ పాత రిపోర్టు అతనికి మళ్లీ చేరుతుంది గనుక. మాటలను కాగితం మీద వ్రాసుకొని చదివాను. అవి ఇవి:

"పిన్నీ, ఇది బొమ్మ. దీన్ని ముట్టుకోవద్దు, చివరిదాకా చూడు. తరువాత వెనక్కి వచ్చేసి నువ్వు చెయ్యి. ఇదిగో పాప ఫొటో. ఇక్కడ పచ్చ రంగు ఫోను బొమ్మ, వాట్సాప్. తట్టాను. ల్యాబ్ పేరు, తట్టాను. రిపోర్టు అన్నిటికంటే క్రింద ఉంటుంది. దాని మీద వేలు ఆనించి పట్టుకో. ఒకటి, రెండు, మూడు. ఇప్పుడు ముఖాల బొమ్మలు వచ్చాయి, వాటి జోలికి పోకు. పైన చూడు. కుడికి తిరిగిన బాణం, తలుపు వైపు చూసే బాణం. తట్టాను. పేర్లు వచ్చాయి. మీ వాడి పేరు తట్టాను. క్రింద మూలన పచ్చ గుండ్రం. తట్టాను. అయిపోయింది."

తలుపు సంగతి మీకు వింతగా ఉండవచ్చు. పిన్ని ఎప్పుడూ కూర్చొనే మంచానికి కుడివైపున వీధి తలుపు ఉన్నది. కుడి ఎడమలు ఆమెకు తెలియక కాదు, తొందరలో తారుమారవుతాయి. తలుపు తారుమారు కాదు.

మొత్తం 48 సెకన్లు. ఒక్కొక్క తట్టు తరువాత రెండు సెకన్లు వేలు కదపకుండా ఆగాను. ఇంతకంటే పొడవుగా తీయకూడదని నా అభిప్రాయం. చూసే ఫోనూ, పని చేసే ఫోనూ ఒకటే గదా. వీడియో చూస్తూ చేయడం కుదరదు. చూసి, దానిని మూసి, బయటకు వచ్చి, జ్ఞాపకం నుండి చేయాలి. తలలో పట్టుకొని ఒక తెర నుండి మరో తెరకు మోసుకుపోగలిగినంతే అందులో ఉండాలి. అదే వీడియోలో ఫొటో పంపడం కూడా చూపిస్తే బాగుండునని నాకు అనిపించింది, కాని చూపలేదు. దానికి వేరొక వీడియో తీయవచ్చు.

చివరగా మొదటి రెండు సెకన్లు, చివరి మూడు సెకన్లు కత్తిరించాను. రికార్డింగు మొదలుపెట్టి ఆపేటప్పుడు పైనుండి క్రిందికి లాగిన గుర్తుల వరుస వీడియోలో పడుతుంది. అది చూస్తే పిన్ని ఆ వరుసను కూడా లాగుతుంది.

వీడియో ఆమె గ్యాలరీలోనే ఉన్నది గాని, గ్యాలరీ తెరవడం ఆమెకు అలవాటు లేదు. ఆమెకు తెలిసిన చోటు వాట్సాప్‌లో నా పేరు. అందుకని ఆమె ఫోను నుండే నాకు పంపించాను. మామూలుగా పంపితే వాట్సాప్ వీడియోను నొక్కి చిన్నది చేస్తుంది, అప్పుడు అక్షరాలు అలికినట్లు అవుతాయి, బాణం ఏ వైపు తిరిగిందో తెలియదు. పంపే ముందు పైన HD అనే గుర్తును నొక్కితే చాలావరకు స్పష్టంగా వెళుతుంది. డాక్యుమెంటుగా పంపితే ఉన్నది ఉన్నట్లే వెళుతుంది, కాని దానిని తెరవడానికి మరొక మెట్టు ఎక్కాలి, పెద్దవారికి అది వద్దు. డేటా తక్కువ ఉన్నవారు రికార్డరు సెట్టింగులలో 720p ఎంచుకుంటే మంచిది. లెక్క సులువు. సెకనుకు 8 మెగాబిట్ల చొప్పున తీస్తే సెకనుకు ఒక ఎం.బి. అవుతుంది, 48 సెకన్లకు 48 ఎం.బి.

పంపిన వీడియో నాలుగు రోజులలో క్రొత్త సందేశాల క్రింద పూడిపోతుంది. దానికి 2023 చివరలో వాట్సాప్ ఒక సదుపాయం తెచ్చింది. సందేశాన్ని నొక్కి పట్టుకొని, పైన మూడు చుక్కలు తట్టి, Pin ఎంచుకుంటే అది సందేశాల పేజీ పైభాగాన అంటుకొని ఉంటుంది. 24 గంటలా, 7 రోజులా, 30 రోజులా అని అడుగుతుంది. 30 పెట్టాను. ఆమెకు నెలకొకసారే రిపోర్టు వస్తుంది కాబట్టి గడువు తీరగానే నా ఫోను నుండి మళ్లీ పెడుతున్నాను, ఇద్దరికీ కనిపిస్తుంది.

వచ్చే ముందు పిన్నికి ఒక మాట గట్టిగా చెప్పాను. నేను పంపేది వీడియో, అది చూడడానికి ఏ యాప్ వేయనక్కరలేదు. ఎవరైనా ఫోను చేసి "మీకు నేర్పిస్తాను, ఫలానా యాప్ వేసుకోండి, తొమ్మిది అంకెలు చదవండి" అంటే అది వేరే వ్యవహారం. అది నీ తెరను వాళ్లకు అప్పుడే, ఉన్నది ఉన్నట్లు చూపిస్తుంది. ఎనీడెస్క్ అనే యాప్‌ను ఈ విధంగా మోసానికి వాడుతున్నారని 2019 ఫిబ్రవరిలోనే రిజర్వు బ్యాంకు హెచ్చరించింది. ఆ యాప్ మంచిదే, దూరం నుండి కంప్యూటరు బాగుచేయడానికి వాడతారు. కాని తెలియనివారి చేతికి తెరను ఇవ్వకూడదు. "మా వాళ్లెవరూ అంకెలు అడగరు" అని ఆమె చేత మూడుసార్లు పలికించాను.

మరుసటి నెల 9వ తేదీ సాయంత్రం ఏడు దాటింది. పిన్ని నుండి ఫోను లేదు. నేను చేయబోయి ఆగాను. ఏడున్నరకు తమ్ముడి నుండి సందేశం వచ్చింది, రిపోర్టు అందింది, డాక్టరుగారికి పంపాను అని. వీడియోను ఎన్నిసార్లు చూశావని తరువాత పిన్నిని అడిగితే, ఐదుసార్లు అన్నది. ల్యాబ్ వారికి మాత్రం ఆ రిపోర్టు మీద ఒక ఎర్రని గుండె బొమ్మ వెళ్లింది. ముఖాల బొమ్మల జోలికి పోవద్దన్నాను గాని, ఆ వరుసలో గుండె కూడా ఉంటుందని చెప్పలేదు.